గుడివాడలో పెట్టిన చుక్క

మా ఆవిడ ప్రేమ బందరులో ఒక పిల్లల ఆస్పత్రిలో నర్సు. ఈ సంగతి మా బంధువుల్లో తెలియనివాళ్ళు లేరు. తెలియకపోతే బాగుండేదని నేను చాలాసార్లు అనుకున్నాను. డ్యూటీ దిగి ఇంటికొచ్చి ముఖం కడుక్కునేలోపే ఫోన్ టింగుమంటుంది. తెరిస్తే ఎవరో ఒకరి పిల్లల హెల్త్ కార్డు ఫోటో. ట్యూబ్‌లైటు మెరుపు కార్డు మధ్యలో పడి సగం అంకెలు కనబడవు, మిగతా సగం మీద తీసినవాళ్ళ బొటనవేలు ఉంటుంది. కింద ఒక్క ముక్క: "ఎలా ఉందక్కా?"

నాది చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ పని. గాజులకీ గొలుసులకీ పూత వేయిస్తాను. ఒక గొలుసు ఫోటో పంపి "ఇది ఎన్నాళ్ళు మెరుస్తుంది?" అని ఎవరైనా అడిగితే, చేతిలోకి తీసుకుని చూడకుండా చెప్పలేనని మొహమ్మీదే చెప్పేస్తాను. ప్రేమ అలా చెప్పదు. సోఫాలో ఓ మూల చేరి, ఫోన్ అడ్డంగా తిప్పి, వేళ్ళతో ఫోటో పెద్దది చేసి, అంచులు వంకర పోయిన ఆ ఎదుగుదల గీతల మీద వేలు పెట్టి నెమ్మదిగా కిందికి దింపుకుంటూ నెల దగ్గరికి వస్తుంది. మళ్ళీ పక్కకి జరుపుకుంటూ కిలోల దగ్గరికి వెళ్తుంది. అన్నం చల్లారిపోతుంది.

"ఆ గీతలేంటి, ఆ గొడవేంటి?" అని ఒకసారి విసుక్కుంటే నాకూ పాఠం చెప్పింది.

"ఒకే ఈడు ఆడపిల్లల్ని వందమందిని బరువు వరసలో నిలబెట్టామనుకోండి. మధ్యలో ఉన్న పిల్లది యాభై గీత. పదిహేను గీత మీద ఉన్న పిల్ల అంటే, ఓ పదిహేనుమంది దానికంటే తేలిగ్గా ఉంటారు, మిగతావాళ్ళు బరువుగా ఉంటారు. అంతే. అది మార్కు కాదు. పదిహేను వచ్చిందని ఫెయిలూ కాదు, తొంభై ఏడు వచ్చిందని ఫస్టూ కాదు. పిల్ల తన గీత పట్టుకుని పైకి పోతోందా లేదా, అది చూసుకోవాలి. ఉన్న గీత వదిలేసి కింద గీతలు దాటుకుంటూ వస్తుంటే అప్పుడు భయపడాలి."

ఇంత వివరంగా నాకు చెప్పిందిగానీ ఫోటోలు పంపేవాళ్ళకి ఈ ఓపిక ఉండదు. వాళ్ళకి కావలసింది బాగుంది, బాగాలేదు. రెండింట్లో ఒకటి.

కోడూరులో ప్రేమకి సువార్తమ్మ పిన్ని ఉంది. ఆవిడ కొడుకు అరుణ్‌ది రొయ్యల చెరువుల పని. అతని భార్య హేమది గుడివాడ. జూలై చివర్లో హేమకి పుట్టింట్లో ఆడపిల్ల పుట్టింది. పేరు జాయ్. తొలి కాన్పు కదా, ఐదో నెల వచ్చాక బిడ్డనీ తల్లినీ అత్తారింటికి పంపాలనుకున్నారు. నాలుగు నెలలు నిండగానే, క్రిస్మస్‌కి పిల్ల కోడూరులో ఉండాలని నవంబరు ఆఖర్లో ప్రార్థన పెట్టించి, కారు మాట్లాడి తీసుకొచ్చి దింపారు.

డిసెంబరు చివర్లో ఒక సాయంత్రం హేమ కార్డు ఫోటో పంపింది. కింద "వదినా, పిల్ల తగ్గిపోయిందంట. కొంచెం చూడవా" అని రాసింది. రాసిందో ఏడ్చిందో, అక్షరాలు చూస్తే తెలియదు కదా.

ప్రేమ ఫోటో చూసింది. మొహం మారింది. వెంటనే ఫోన్ చేసింది.

"హేమా, నాలుగు నెలల దగ్గర ఆరు కిలోల రెండొందలు ఉంది. ఇప్పుడు ఐదు నెలల దగ్గర ఆరు కిలోలు. ఐదు నెలలు నిండాయా, ఐదో నెల నడుస్తోందా?"

"నిండాయి వదినా. మొన్ననే."

"బట్టలతో తూచారా?"

"లేదు. ఇక్కడ సెంటర్లో నర్సమ్మ గారు అన్నీ తీయించి తూచారు. కార్డులో బరువు చుక్క మీ తమ్ముడే పెట్టారు."

"గుడివాడలో తూచినప్పుడో?"

"నేను కార్లో కూర్చున్నాను వదినా. దార్లో ఆస్పత్రి దగ్గర ఆపి అమ్మే లోపలికి ఎత్తుకెళ్ళింది. అడుగుతాను ఉండు."

అడిగింది. గుడివాడ నుంచి వాళ్ళమ్మ సత్యవతి గారు కచ్చితంగా చెప్పారట, బట్టలు తీసే తూచారని. ప్రేమ మళ్ళీ ఫోటో పట్టుకు కూర్చుంది. బట్టలు తీసే తూచి ఉంటే, యాభై గీతకి దగ్గరగా ఉన్న పిల్ల నెల తిరిగేసరికి పదిహేను గీతకి దిగినట్టే. పైగా నెలకి అరకిలో దాకా పెరగవలసిన ఈడులో రెండొందల గ్రాములు పోయినట్టు. అది చిన్న విషయం కాదు.

తను ఏం చెప్పిందో నేను పక్కనే ఉండి విన్నాను. వాయిస్ మెసేజ్ పెట్టింది. "కార్డు ప్రకారం బరువు తగ్గినట్టే కనిపిస్తోంది హేమా. కానీ రెండూ వేరు వేరు కాటాలు, ఫోటో చూసి నేను తేల్చలేను. సోమవారం ఇక్కడికి తీసుకురండి, డాక్టర్ గారు చూస్తారు, నేనే తూస్తాను. రోజుకి ఆరేడుసార్లు ఉచ్చ పోస్తోందంటే పాలు సరిపోతున్నట్టే. పాలు మాత్రం ఆపొద్దు. అడిగినప్పుడల్లా ఇవ్వు." ఇందులో తప్పుపట్టడానికి ఒక్క మాట ఉందేమో చెప్పండి.

ఆ మెసేజ్ కోడూరులో వరండాలో, పదిమంది మధ్య, స్పీకర్లో పెట్టారు. మొదటి వాక్యం అందరికీ వినబడింది. ఆ తర్వాత సువార్తమ్మ గారు "అయ్యో తండ్రీ" అని గుండెలు బాదుకోవడంతో మిగతాది ఎవరికీ వినబడలేదు. ఈ ముక్క తర్వాత అరుణే నాకు చెప్పాడు.

సోమవారం వాళ్ళు రాలేదు. చెరువులో రొయ్యల పట్టుబడి ఉంది, కారు దొరకలేదు, పిల్లకి జలుబు. అడిగిన ప్రతిసారీ ఒక కొత్త కారణం. ప్రేమ ఇంట్లో ఏం చేస్తున్నా ఆ ఫోటో తెరిచి చూసుకునేది. ఒకరోజు కూర మాడ్చింది. నాకు ఒళ్ళు మండింది. "నీ పిల్లా, మీ పిన్ని మనవరాలా? తెమ్మన్నావు, తేలేదు. ఇంక నువ్వేం చేస్తావు?" అన్నాను. తను ఫోన్ నా ముందుకి తోసింది.

"ఈ ఒక్క చుక్కని వేలితో మూసి చూడండి."

గుడివాడలో పెట్టిన నాలుగు నెలల చుక్క మీద వేలు పెట్టాను. మిగిలినవి కనిపించాయి. పుట్టినప్పుడు రెండు కిలోల ఎనిమిదొందలు. ఆరు వారాల టీకాకి నాలుగు కిలోల వంద. పది వారాలకి నాలుగు కిలోల ఏడొందలు. ఇప్పుడు ఐదు నెలలకి ఆరు. పదిహేను గీతని పట్టుకుని చక్కగా వరసగా వస్తున్నాయి.

"చూశారా? ఈ పిల్లది మొదట్నుంచీ పదిహేను గీతే. ఆ రోజొక్కటే ఎగిరింది. ఎందుకు ఎగిరింది?"

అప్పుడు నాకు ఫ్యామిలీ గ్రూపులో సత్యవతి గారు పెట్టిన ఫోటోలు గుర్తొచ్చాయి. పిల్లని పంపించే రోజువి. వెతికి తీశాను. జాయ్ ముద్దుగా అమ్మమ్మ చంకలో ఉంది. ఉన్ని టోపీ, ఉన్ని స్వెట్టరు, లోపల జరీ గౌను, పైన శాలువా. కాళ్ళకి వెండి కడియాలు, చేతులకి మురుగులు, నడుముకి మువ్వల మొలతాడు. ఆ కడియాల లావు చూస్తే నా చేతికే బరువనిపించింది. వెండే రెండొందల గ్రాములకి తక్కువుండదని చెప్పాను. డైపరు ఎంత తడిసిందో, ఆ బట్టలన్నీ ఎంత తూగుతాయో ప్రేమ లెక్క వేసుకుంది. అన్నీ కలిపితే అరకిలో దాటి ఆరొందల గ్రాముల దాకా వస్తోంది.

"అది తీసేస్తే ఐదు కిలోల ఆరొందలు," అంది. ఫోటోలో ఆ చోట వేలు పెట్టింది. సరిగ్గా పదిహేను గీత మీద. "పిల్ల తగ్గలేదండీ. నాలుగొందలు పెరిగింది."

అంత సంతోషం ఆవిడ మొహంలో ఈ మధ్య చూడలేదు. వెంటనే గుడివాడకి ఫోన్ చేసింది. సత్యవతి గారు ముందు బుకాయించారు. తర్వాత గొంతు తగ్గించారు.

"అత్తగారికి అప్పగించేటప్పుడు కార్డులో పిల్ల బొద్దుగా కనబడాలి కదమ్మా. పుట్టింట్లో పస్తులుంచి పంపారన్న మాట రాకూడదని... చలేస్తోంది, నగలవీ ఇప్పుడే తొడిగాం, తీయించకండి అని నేనే అన్నాను. అక్కడి నర్సమ్మాయి అలాగే తూచింది. ఈ మాట మా వియ్యపురాలికి తెలియనీకు ప్రేమా, నీకు పుణ్యముంటుంది."

"అక్కడ మీ అమ్మాయినే అంటున్నారండీ! చెప్పకపోతే ఎలా?" అని ప్రేమ ఫోన్ పెట్టేసి కోడూరు కలిపింది. సువార్తమ్మ గారు సాంతం విన్నారు. విని, "పుట్టింటోళ్ళు ఇప్పుడు ఇలాగే చెప్తార్లేమ్మా, తప్పు తమ మీదకి రాకుండా. నువ్వు అమాయకురాలివి," అన్నారు.

ఇక లాభం లేదని ఆదివారం ఆరాధన కాగానే బండి మీద ఇద్దరం బయల్దేరాం. చల్లపల్లి, అవనిగడ్డ దాటి కోడూరు చేరేసరికి భోజనాల వేళయింది. సువార్తమ్మ గారు మర్యాదలో ఏ లోటూ చేయలేదు. చేపల పులుసు, రొయ్యల వేపుడు. "అల్లుడు గారూ, ఇంకొంచెం వేసుకోండి" అని పళ్ళెం నిండుగా వడ్డించారు. ప్రేమ మాత్రం వస్తూనే లోపలికి వెళ్ళిపోయింది. కిటికీ గట్టు మీద పాల డబ్బా ఉంది, పాల సీసా ఉంది. హేమ మంచం అంచున కూర్చుని ఉంది. పిల్ల నిద్రపోతోంది.

"ఎప్పట్నుంచి?" అంది ప్రేమ.

"నీ మెసేజ్ వచ్చిన మర్నాటి నుంచి వదినా."

అరుణ్ గుమ్మంలో నిలబడి తన పద్ధతిలో వివరించాడు. అతను చెడ్డవాడు కాదు, పిల్లంటే ప్రాణం. "చెరువులో వారం వారం వల వేసి బరువు చూస్తామక్కా. రొయ్య పెరగకపోతే మేత మార్చాలి. చూస్తూ కూర్చుంటే చెరువు పోతుంది. ఇదీ అంతే కదా? పాలు పట్టట్లేదు, మేత... అదే, పాలు మార్చాను. ఖరీదైన డబ్బానే తెచ్చాను."

"పిల్ల పెరగలేదని ఎవరు చెప్పారు నీకు?"

"నువ్వే కదక్కా!"

ప్రేమ పైట సర్దుకుని హేమ పక్కన కూర్చుంది. పాలు పడుతున్నాయా అని మెల్లగా అడిగింది. "సీసా ఇచ్చాక దీనికి ఆకలుండట్లేదు. నేను పెడితే రెండు గుక్కలు తాగి వదిలేస్తోంది. నాకూ తగ్గిపోయాయి," అంది హేమ. పిల్ల తాగితేనే పాలు ఊరతాయనీ, మళ్ళీ పదే పదే పెట్టమనీ, ఇప్పటికీ మించిపోలేదనీ ప్రేమ చెప్తూనే ఉంది. హేమ తలూపుతోంది. గుమ్మం అవతల నుంచి సువార్తమ్మ గారు, "చూడు ప్రేమా, డబ్బా పాలొచ్చాక ఎంత హాయిగా నిద్రపోతోందో. ఇదివరకు గంటకోసారి లేచేది," అన్నారు.

"ఒక్కసారి తూచి చూపిస్తాను పిన్నీ, అప్పుడైనా నమ్ముతావు," అంది ప్రేమ. ఆదివారం సెంటరు మూసి ఉంది. అరుణ్‌కి ఆలోచన తట్టి చెరువు దగ్గర కాటా తెస్తానన్నాడు. సువార్తమ్మ గారు ఇంతెత్తున లేచారు. "నా మనవరాల్ని రొయ్యలు తూచే కాటాలో పెడతావురా? నీకు బుద్ధుందా?" దాని మీద గ్రాములు సరిగ్గా తెలియవని ప్రేమ కూడా ఒప్పుకుంది. అయినా ఆ కాటా మీద పిల్లని పెట్టి ఉంటే, కనీసం ఆరు కిలోలకి తగ్గలేదని ఆ ఇంట్లో అందరి కళ్ళకీ కనబడేదని నాకిప్పటికీ అనిపిస్తుంది. సువార్తమ్మ గారి చెయ్యి పట్టుకుని "మీరాగండి" అని చెప్పాలని నాకు నోటిదాకా వచ్చింది. అల్లుణ్ణి కదా. పులుసన్నం తిని కూర్చున్నాను.

వచ్చేటప్పుడు ప్రేమ, సీసా ఎలా మరగబెట్టాలో, పొడి ఎంత, నీళ్ళు ఎంత కలపాలో హేమకి రెండుసార్లు చెప్పింది. ఒక చెంచా కూడా తగ్గించొద్దంది.

జనవరి ఆఖర్లో కోడూరు నుంచి ఇంకో ఫోటో వచ్చింది. ఈసారి కార్డు కాదు, డైపరు. నీళ్ళలా విరేచనం. ఎలా కలుపుతున్నారని ప్రేమ అడిగితే అసలు సంగతి బయటపడింది. పొడి చిక్కగా కలిపితే పిల్లకి వేడి చేస్తుందని సువార్తమ్మ గారు చెంచాలు తగ్గించారు. సీసా పొద్దున మరగబెడితే సాయంత్రం దాకా అదే. ప్రేమ ఫోన్లోనే అరిచింది. పెళ్ళయ్యాక ఆవిడ గొంతు అంత పెద్దది కాగలదని నాకు తెలియదు. "ఓఆర్‌ఎస్ చెంచాతో పోస్తూ, ఇప్పుడే, ఈ నిమిషమే కారెక్కండి!"

ఈసారి వచ్చారు.

మర్నాడు మధ్యాహ్నం ప్రేమకి క్యారియరు పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాను. వార్డు చివరి మంచం మీద హేమ ఉంది. జాయ్ కళ్ళు లోతుకి పోయాయి, చేతికి సెలైను పట్టీ. ప్రమాదం లేదు, వాంతులు కట్టాయి, రెండు రోజుల్లో తేరుకుంటుందన్నారట డాక్టర్ గారు. ఒంటి మీద నూలుపోగు లేకుండా ప్రేమే తూచింది. ఆరు నెలలు నిండిన పిల్ల ఐదు కిలోల ఏడొందలు. కార్డులో చుక్క తనే పెట్టిందట. ఐదు గీతల్లో అట్టడుగున ఉండేది మూడు గీత. చుక్క దానికీ కింద పడింది. నీళ్ళు పోయినందువల్ల కొంత తగ్గి ఉంటుంది, అది తిరిగొస్తుందని హేమకి చెప్పింది. మిగతాది ఎప్పటికి వస్తుందో చెప్పలేదు, అది తనకీ తెలియదు.

సువార్తమ్మ గారు పక్క మంచం దగ్గర కూర్చుని ఉన్నారు. మంగినపూడి నుంచి వచ్చిన ఒకావిడకి మా ప్రేమని చూపిస్తున్నారు.

"మా అక్క కూతురేనమ్మా. ఎంత తెలివైందనుకున్నావు! నెల కిందటే, ఉత్త ఫోటో చూసి చెప్పేసింది, మీ పిల్ల తగ్గిపోతోంది జాగ్రత్తా అని. మేమే అశ్రద్ధ చేశాం. తల్లికి పాలుంటే కదా? ఇప్పుడు చూడు, అక్షరాలా దాని మాటే నిజమైంది."

ఆవిడ అబ్బురంగా ప్రేమ వైపు చూసి, తన చేతిసంచీలో ఫోన్ కోసం వెతుక్కుంది. "మా వాడి కార్డు కూడా ఫోటో తీసి ఉందమ్మా, ఒకసారి చూద్దురూ..."

"పిన్నీ!" అంది ప్రేమ. వార్డంతా తిరిగి చూసింది. "అప్పుడు పిల్ల తగ్గలేదు. అప్పుడు బాగుంది. దాని తల్లి పాలతోనే బాగుంది. మనం ఆ పాలు మాన్పించాకే తగ్గింది. నా మాట నిజం కాలేదు. వింటున్నావా?"

సువార్తమ్మ గారు లేచి వచ్చి ప్రేమ తల నిమిరారు. కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. "నీది మంచి మనసమ్మా. హేమ బాధపడుతుందని అలా అంటున్నావు. నాకు తెలియదా?"

ప్రేమ నా వైపు చూసింది. నేను మాత్రం ఏం చెప్పగలను? ఇద్దరం కలిసి చెప్పినా ఇద్దరి మంచితనం అంటారు. క్యారియరు స్టూలు మీద పెట్టాను.

హేమ మా వైపు తిరగలేదు. పిల్లని ఒళ్ళోకి తీసుకుని, సెలైను చెయ్యి నలగకుండా సర్ది, కొంగు కప్పి పాలిచ్చే ప్రయత్నం చేసింది. జాయ్ ఒక్క క్షణం నోరు పెట్టి, తల పక్కకి తిప్పేసుకుని, సీసా కోసం ఏడవడం మొదలుపెట్టింది.